నేల డిజైన్‌ను మాటల్లో చెప్పడం ఎలా: చూడనివాళ్లు కూడా అచ్చంగా అదే గీసేలా

“పెద్ద చదరాలు, వాటి మూలల దగ్గర చిన్న చదరాలు.” ఈ ఒక్క వాక్యం ముగ్గురికి చెప్పి గీయమంటే మూడు వేర్వేరు నేలలు వస్తాయి. ఒకరు పెద్ద చదరాల మూలలు కత్తిరించి, ఆ ఖాళీలో చిన్న చదరాన్ని ఏటవాలుగా నిలబెడతారు. ఇంకొకరు పెద్ద చదరాల మధ్య సన్నటి పట్టీలు గీసి, పట్టీలు కలిసే చోట చిన్న చదరం పెడతారు. మూడోవారు పెద్ద చదరాలను ఒకదాని పక్కన ఒకటి కాస్త జరుపుతూ పేర్చి, ఆ జరుపు వల్ల మిగిలిన సందుల్లో చిన్నవి ఇరికిస్తారు. మూడూ ఆ వాక్యానికి సరిపోతాయి. మీ ముందున్న నేల మాత్రం ఒక్కటే.

తప్పు గీసినవాళ్లది కాదు. ఆకారాల పేర్లు చెప్పాం కానీ అవి ఎక్కడ కూర్చున్నాయో, ఎలా తిరిగి వస్తాయో చెప్పలేదు. మళ్లీ మళ్లీ వచ్చే ఏ నేల డిజైన్‌నైనా నాలుగు సంగతులతో పూర్తిగా చెప్పేయవచ్చు: కొలత, ఒక చిన్న గుంపు, ఆ గుంపును జరిపే రెండు అంగలు, సరిచూసుకునే గుర్తులు. పైన చెప్పిన మూడో నేలనే తీసుకుని ఈ పని మొదటినుంచి చివరిదాకా చేద్దాం. చూడటానికి గాలిపంకా రెక్కల్లా తిరిగినట్టు ఉండే ఈ డిజైన్ చాలా నేలల మీద కనిపిస్తుంది. మాటల్లో పెట్టబోతే మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. అందుకే నేర్చుకోవడానికి ఇది మంచిది.

ముందు కొలత ఎంచుకోండి

నేల మీద కనిపించే అతి చిన్న టైల్‌ను చూడండి. మన నేలలో అది చిన్న చదరం. దాని భుజాన్ని ఒక గడి అనుకోండి. ఇప్పుడు పెద్ద టైల్ భుజం ఎన్ని గళ్లో చూడండి. మన ఉదాహరణలో సరిగ్గా రెండు గళ్లు. అంటే పెద్ద టైల్ రెండు గళ్ల వెడల్పు, రెండు గళ్ల ఎత్తు. గళ్ల కాగితం మీద గీయడానికి ఇంతకంటే హాయి ఉండదు.

సెంటీమీటర్లలో చెప్పాల్సిన పని ఈ దశలో లేదు. గీసేవారు గడిని ఎంత పెద్దగా పెట్టుకున్నా డిజైన్ మారదు. అసలు కొలత కావాలంటే చివర్లో ఒక్క ముక్క చేర్చవచ్చు: ఒక గడి అంటే పది సెంటీమీటర్లు, అని.

ఫొటో చూసి కొలుస్తుంటే జాగ్రత్త. నేలను ఏటవాలుగా తీసిన ఫొటోలో దూరంగా ఉన్న టైల్స్ చిన్నగా, నొక్కినట్టు కనిపిస్తాయి. చదరం కాస్తా పొడుగు దీర్ఘచతురస్రం అనిపిస్తుంది. వీలైతే నేలకు సూటిగా పైనుంచి తీసినదే వాడండి. లేకపోతే ఫొటోలో కొలవడం మానేసి లెక్కపెట్టండి. పెద్ద టైల్ భుజం పక్కన ఎన్ని చిన్న టైల్స్ పట్టేంత చోటు ఉందో చూస్తే నిష్పత్తి తెలిసిపోతుంది.

మళ్లీ మళ్లీ వచ్చే గుంపును వెతకండి

ఏదో ఒక పెద్ద టైల్ కింది ఎడమ మూల మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి చుట్టూ ఏముందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు వేలిని కదుపుతూ, సరిగ్గా అలాంటి మూలే, చుట్టూ సరిగ్గా అవే ఉన్న చోటు ఎక్కడ వస్తుందో వెతకండి. అలాంటి రెండు చోట్ల మధ్య నేల తనను తాను తిరిగి మొదలుపెడుతోందన్నమాట.

మన నేలలో అలా వెతికితే ప్రతి పెద్ద టైల్ మూలా అలాంటిదే. ఏ పెద్ద టైల్ దగ్గర నిలబడినా చుట్టూ దృశ్యం ఒకటే. దాన్నిబట్టి గుంపులో పెద్ద టైల్ ఒక్కటే ఉంటుంది. మరి చిన్నవి ఎన్ని? ఒక పెద్ద టైల్‌ను నాలుగు చిన్నవి తాకుతున్నాయి, కానీ ఒక్కో చిన్నదాన్ని నాలుగు పెద్దవి పంచుకుంటున్నాయి. కాబట్టి లెక్కకు ఒక పెద్దదానికి ఒక చిన్నది. గుంపు అంటే అంతే: ఒక పెద్ద టైల్, ఒక చిన్న టైల్. నాలుగు గళ్లూ ఒక గడీ కలిపి ఐదు గళ్లు.

ఇక్కడ చాలామంది పెద్ద ముక్కను గుంపుగా తీసుకుంటారు. తొమ్మిది టైల్స్ ఉన్న బొమ్మను చూసి, ఆ తొమ్మిదినీ వర్ణించి, “ఇలాగే కొనసాగించండి” అంటారు. వర్ణన పొడుగవుతుంది, తప్పు దొర్లే చోట్లూ పెరుగుతాయి. పైగా ఆ తొమ్మిది పక్కన ఇంకో తొమ్మిది ఎలా కూర్చుంటాయో అప్పటికీ చెప్పనట్టే. గుంపు ఎంత చిన్నదైతే వర్ణన అంత గట్టిది.

గుంపులో రెండు టైల్స్ ఒకదానికొకటి ఎలా ఉన్నాయో కచ్చితంగా చెప్పండి. “పక్కన” అంటే చాలదు. పెద్ద టైల్ కుడి అంచు రెండు గళ్ల పొడవు, చిన్నది ఒక్క గడే. పైభాగానికి అంటుకుందా, కింది భాగానికా, మధ్యలోనా? మనం ఇలా అందాం: చిన్న టైల్ పెద్ద టైల్‌కు కుడిపక్కన ఉంది, రెండింటి కింది అంచులూ ఒకే గీత మీద ఉన్నాయి.

రెండు అంగలు

ఇదే అసలు పని. మొత్తం గుంపును ఎత్తి ఇంకో చోట పెట్టాలి. ఎక్కడ పెట్టాలో చెప్పడానికి రెండే కదలికలు చాలు, ఎందుకంటే నేల రెండు దిక్కుల్లో పరుచుకుంటుంది. వాటిని మొదటి అంగ, రెండో అంగ అందాం.

మొదటి అంగ: గుంపును కుడికి 2 గళ్లు, పైకి 1 గడి జరపండి. రెండో అంగ: మొదట ఉన్న చోటి నుంచే ఎడమకు 1 గడి, పైకి 2 గళ్లు జరపండి. చదరంగంలో గుర్రం ఎత్తు ఎలా ఉంటుందో రెండు అంగలూ అలాగే ఉంటాయి, రెండూ ఒకదానికొకటి లంబంగా. ఈ రెండు అంగలనూ ముందుకూ వెనక్కీ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కలిపి వేస్తే కాగితం నిండిపోతుంది. ఎక్కడా ఖాళీ మిగలదు, ఏ టైలూ ఇంకో టైల్ మీదికి ఎక్కదు.

అంగ అంటే ఒక మూల నుంచి అదే మూలకు కొలిచే దూరం. కింది ఎడమ మూల నుంచి మొదలుపెడితే తర్వాతి టైల్ కింది ఎడమ మూలే చేరాలి. ఈ మాట వర్ణనలో తప్పకుండా రాయండి. రాయకపోతే గీసేవారు “కుడికి 2” అంటే టైల్ అయిపోయాక రెండు గళ్లు వదలాలేమో అనుకుంటారు. అప్పుడు నేలంతా కంతలే.

గుంపు సరిగ్గానే ఎంచుకున్నారా అని ఇక్కడే ఒకసారి చూసుకోవచ్చు. రెండు అంగలూ భుజాలుగా ఒక ఏటవాలు చదరం గీయండి. ఒక్కో అంగ పొడవును వర్గం చేస్తే 2×2 + 1×1, అంటే 5. ఆ చదరం వైశాల్యం 5 గళ్లు. గుంపు వైశాల్యమూ 5 గళ్లే. రెండూ సమానమైతే సరే. గుంపు ఎక్కువైతే టైల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి, తక్కువైతే సందులు మిగులుతాయి. అంగలు లంబంగా లేని నేలల్లో ఆ ఏటవాలు ఆకారం సమాంతర చతుర్భుజం అవుతుంది. దాని వైశాల్యం గుంపు వైశాల్యంతో సమానం కావాలన్నది మాత్రం మారదు.

ఎటు తిరిగి ఉందో చెప్పడం

ఈ నేలను అద్దంలో చూస్తే వేరే నేల కనిపిస్తుంది. దాన్ని ఎంత తిప్పినా అసలుదానితో కలవదు. కానీ చూసేవారికి ఆ తేడా తొందరగా అందదు. గీసినవారు కూడా తమది తప్పని అనుకోరు. అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే.

అంగల్లో “కుడికి, పైకి” అని చెప్పడం వల్ల తిరుగుడు ఇప్పటికే నిర్ణయమైపోయింది. ఎవరైనా గుంపులోనూ, ఆ రెండు అంగల్లోనూ కుడి, ఎడమలు మార్చేస్తే అద్దంలో బొమ్మ వస్తుంది. అందుకే ఇంకో గుర్తు కూడా ఇవ్వండి. దేన్నీ కొలవకుండా, ఒక్క టైల్ చుట్టూ చూసి తేల్చుకోగలిగే గుర్తు అయి ఉండాలి.

మన నేలలో ఆ గుర్తు ఇది. ఏదో ఒక పెద్ద టైల్ చుట్టూ, గడియారం ముల్లు తిరిగే దిశలో నడవండి. పై అంచు ఎడమ చివరి నుంచి మొదలుపెడితే మొదటి సగాన్ని ఒక పెద్ద టైల్ తాకుతుంది, రెండో సగాన్ని చిన్నది. కుడి అంచు మీదుగా కిందికి దిగితే మళ్లీ ముందు పెద్దది, తర్వాత చిన్నది. కింది అంచు, ఎడమ అంచు కూడా అంతే. నాలుగు అంచుల్లోనూ పెద్దది ముందు, చిన్నది వెనక. అద్దంలో బొమ్మ గీసినవారికి ముందు చిన్నది వస్తుంది. ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ప్రతి నేలకూ ఈ బాధ ఉండదు. మామూలు చదరంగపు గళ్ల నేలను అద్దంలో చూసినా అదే నేల. మీ డిజైన్ ఏ రకమో తేల్చుకోవాలంటే పలచటి కాగితం మీద దాన్ని గీసి, కాగితం తిరగేసి, అసలుదాని మీద జరుపుతూ తిప్పుతూ చూడండి. ఎలాగోలా కలిస్తే తిరుగుడు గురించి చెప్పనక్కర్లేదు. కలవకపోతే చెప్పి తీరాలి. ఇలా తిప్పడం, జరపడం, తిరగేయడాల లెక్కన చూస్తే సమతలం మీద మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్లన్నీ 17 రకాల్లోనే ఇమిడిపోతాయని రష్యన్ శాస్త్రవేత్త యెవ్‌గ్రాఫ్ ఫెదరోవ్ 1891లోనే నిరూపించాడు. మన నేలది పావు చుట్టు తిప్పితే కలిసే, తిరగేస్తే కలవని రకం.

ఇప్పుడు రాయండి

గీసేవారు పైనుంచి కిందికి చదువుతూ, చదివిన ప్రతి వాక్యానికీ పెన్సిల్ కదపగలగాలి. తర్వాత చెప్పబోయేదాని మీద ఆధారపడే వాక్యం ముందు రాకూడదు. కాగితం ఎంతో, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పాలి. లేకపోతే డిజైన్ సరిగ్గా వచ్చినా అంచుల్లో కోతలు వేరేగా వస్తాయి. మన నేలకు నేనైతే ఇలా రాస్తాను:

“గళ్ల కాగితం మీద అడ్డంగా 10 గళ్లు, నిలువుగా 10 గళ్లు ఉన్న చదరం గీయండి. ఇదే హద్దు. ఇందులో రెండు రకాల టైల్స్ ఉంటాయి, రెండూ చదరాలే, రెండూ గీతల వెంటే ఉంటాయి, ఏదీ ఏటవాలుగా ఉండదు. పెద్దది 2 గళ్ల భుజం, చిన్నది 1 గడి భుజం. హద్దు కింది ఎడమ మూలలో ఒక పెద్ద టైల్ గీయండి. దాని కుడిపక్కన ఆనుకుని, కింది గీత మీదే ఒక చిన్న టైల్ గీయండి. ఈ రెండూ ఒక జత. ఈ జతను రెండు అంగల్లో జరుపుతూ పోవాలి. మొదటి అంగ కుడికి 2, పైకి 1. రెండో అంగ ఎడమకు 1, పైకి 2. అంగను ఎప్పుడూ పెద్ద టైల్ కింది ఎడమ మూల నుంచి తర్వాతి పెద్ద టైల్ కింది ఎడమ మూలకు కొలవండి. అంగలను వెనక్కి కూడా వేయండి. హద్దు దాటిన భాగాన్ని కత్తిరించేయండి. చిన్న టైల్స్‌కు నలుపు రంగు వేయండి, పెద్దవి తెల్లగానే వదిలేయండి.”

ఇంతే. దీని తర్వాత సరిచూసుకునే గుర్తులు ఇవ్వాలి. వర్ణనతో పాటు గుర్తులు కూడా పంపితే గీసేవారు తమ తప్పును తామే పట్టుకోగలరు, మళ్లీ మిమ్మల్ని అడిగే పని ఉండదు.

ఈ నేలకు చక్కటి గుర్తులు దొరుకుతాయి. నల్ల గళ్లను మాత్రమే వరుసలవారీగా చూడండి. కింది వరుసలో ఎడమ నుంచి లెక్కపెడితే 3వ, 8వ గళ్లు నలుపు. దాని పై వరుసలో 5, 10. తర్వాత 2, 7. ఆపైన 4, 9. ఐదో వరుసలో 1, 6. ఆరో వరుస నుంచి మళ్లీ 3, 8తో మొదలు. ప్రతి వరుసలోనూ ఐదు గళ్లకు ఒక నల్ల గడి, పై వరుసకు వెళ్లిన ప్రతిసారీ అది రెండు గళ్లు కుడికి జరుగుతుంది. రెండో వరుసలో 5కు బదులు 1లో నల్ల గడి వచ్చిందంటే అద్దంలో బొమ్మ గీశారన్నమాట.

మొత్తం లెక్క కూడా ఇవ్వండి. 10×10 హద్దులో నల్లవి 20. పూర్తి పెద్ద టైల్స్ 16. నాలుగు అంచుల్లో ఒక్కోదానికి రెండేసి సగం ముక్కలు, కలిపి 8. ఈ మూడు సంఖ్యలూ కలిస్తే ఎక్కడో మధ్యలో తప్పు మిగిలే అవకాశం చాలా తక్కువ.

నల్ల గళ్లు మాత్రమే ఇచ్చినా కూడా ఈ నేలను పూర్తిగా గీయవచ్చు. నల్లవి పెట్టాక మిగిలిన తెల్ల గళ్లలో 2×2 చదరం పెట్టడానికి ప్రయత్నించండి. సరైన చోట తప్ప ఎక్కడ పెట్టినా ఏదో ఒక నల్ల గడి అడ్డం వస్తుంది. అంటే పెద్ద టైల్స్ చోట్లను నల్ల గళ్లే నిర్ణయిస్తాయి. అందుకే గీతలు గీయలేనివారికి, గళ్లు నింపడం మాత్రమే వచ్చినవారికి ఈ వరుసల పద్ధతిలో చెప్పడమే మేలు.

రంగులు వేరే దారిలో నడిస్తే

ఆకారాలు ఒక లెక్కలో, రంగులు ఇంకో లెక్కలో తిరిగి వచ్చే నేలలు ఉంటాయి. చిన్న టైల్స్ కొన్ని నలుపు, కొన్ని ఎరుపు అనుకోండి. “నలుపు, ఎరుపు మారి మారి వస్తాయి” అంటే ఏ దిక్కులో మారతాయో తెలియదు. దీన్ని కూడా అంగలతోనే చెప్పాలి: మొదటి అంగలో రంగు మారదు, రెండో అంగ వేసిన ప్రతిసారీ మారుతుంది, మూలలో మొదట పెట్టిన జతలోని చిన్న టైల్ నలుపు.

అప్పుడు కింది వరుసలో 3వ గడి నలుపు, 8వది ఎరుపు అవుతుంది. రెండో వరుసలో 5 నలుపు, 10 ఎరుపు. మూడో వరుసలో 2 ఎరుపు, 7 నలుపు. ఆకారాలకు ఒక జత చాలు కానీ, రంగుతో కలిపి చూస్తే గుంపు రెండు జతలైంది. ఆకారం పూర్తిగా గీయించాకే రంగు గురించి చెప్పండి. రెండూ ఒకేసారి చెబితే గీసేవారు రంగు మారినచోట ఆకారం కూడా మారుతుందేమో అనుకుంటారు.

మధ్యలో సందు ఉన్నప్పుడు

అసలు నేలలో టైల్స్ మధ్య గ్రౌట్ సందు ఉంటుంది. కాగితం మీద గీయడానికి దాన్ని ఒక గీతగా వదిలేయవచ్చు. నిజమైన కొలతలతో పరవడానికో, కచ్చితమైన డ్రాయింగ్‌కో అయితే వదలకూడదు. 20 సెంటీమీటర్ల టైల్, 10 సెంటీమీటర్ల టైల్, 3 మిల్లీమీటర్ల సందు అనుకోండి. సందుతో కలిపితే పెద్దది 20.3, చిన్నది 10.3. చిన్నవి రెండు పెడితే 20.6 అవుతుంది కానీ 20.3 కాదు. రెండుకు ఒకటి అన్న నిష్పత్తి పోయింది, గళ్ల కాగితం ఇక సరిపోదు.

డిజైన్ మాత్రం పోలేదు. ఈ నేల ఏ రెండు కొలతల చదరాలతోనైనా కుదురుతుంది. అంగలను ఇలా మార్చి చెప్పండి: మొదటిది కుడికి 20.3, పైకి 10.3. రెండోది ఎడమకు 10.3, పైకి 20.3. వరుసల గుర్తులు మాత్రం అప్పుడు పనికిరావు. గడియారం దిశలో నడిచే గుర్తు మాత్రం ఎప్పటికీ పనిచేస్తుంది.

గళ్లు సరిపోని నేలలు

తేనెతుట్టెలాంటి ఆరు మూలల టైల్స్‌ను చదరపు గళ్లలో ఇరికించకండి. అక్కడ రెండు అంగలూ ఒకే పొడవు, వాటి మధ్య కోణం 60 డిగ్రీలు. మొదటిది అడ్డంగా కుడికి, రెండోది అదే పొడవుతో 60 డిగ్రీలు పైకి తిరిగి. త్రిభుజాల గీతలున్న కాగితం వాడమని ముందే చెప్పండి. మిగతా పద్ధతి మారదు. ఎప్పటికీ తిరిగి రాని డిజైన్లు కూడా ఉన్నాయి. 1970ల్లో రోజర్ పెన్‌రోజ్ కనిపెట్టిన అమరికలు అలాంటివి. వాటికి అంగలు లేవు కాబట్టి ఈ పద్ధతి వర్తించదు.

వేరేలా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి

గీసి పంపినది మీ నేలలా లేకపోతే మొత్తం వర్ణన తిరగరాయకండి. తప్పు ఎలా ఉందో చూస్తే ఏ వాక్యం సరిగ్గా లేదో తెలుస్తుంది. అంతా సరిగ్గా ఉండి తిరుగుడు మాత్రం వేరైతే జతలోనూ, అంగల్లోనూ కుడి, ఎడమ తారుమారయ్యాయి. నేలంతా సమానంగా సందులు ఉంటే అంగను మూల నుంచి మూలకు కాకుండా టైల్ చివరి నుంచి కొలిచారు. చిన్న టైల్స్ ఏటవాలుగా ఎక్కకుండా ఒకే అడ్డ వరుసలో నిలబడితే మొదటి అంగలో “పైకి 1” అన్నది వదిలేశారు. మొదట్లో బాగానే ఉండి, దూరం పోయేకొద్దీ టైల్స్ కొంచెం కొంచెం పక్కకు జరిగిపోతుంటే సందును లెక్కలో కలపలేదు. చిన్న టైల్ పెద్దదాని కుడి అంచు మధ్యలో ఉంటే జతను వర్ణించిన వాక్యంలో “కింది అంచులూ ఒకే గీత మీద” అన్న మాట రాయడం మరిచిపోయారు. ఆ ఒక్క వాక్యం సరిచేసి, హద్దును 10 నుంచి 5 గళ్లకు తగ్గించి ముందు అది గీసి పంపమనండి. అందులో నల్లవి 5 రావాలి, వరుసకు ఒకటి చొప్పున, కింది నుంచి 3, 5, 2, 4, 1 గళ్లలో.